మొదటి ఏడు చేతికొచ్చేదెంత?

పాలేరు జీతం ఎట్లా కుదురుతుందో మన పల్లెల్లో పెద్దోళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. ఉగాదికి దొర అరుగు కింద నిలబడి మాట్లాడుకునేది ఏడాది జీతం. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు, ఇంత రొక్కం, ఒక పంచె, ఒక చెప్పుల జత. నాగా పోతే ఎంత కోస్తాడు, ముందు తీసుకున్న బాకీలో ఎంత జమేస్తాడు, మళ్ళీ ఉగాది నాటికి చేతిలో ఏం మిగులుద్ది, ఇవన్నీ ఆ రోజే అడిగేవాళ్ళు. దొర లెక్కలో మోసం ఉండేది నిజమే. తీసుకున్న బాకీ తీరకుండా తండ్రి తరవాత కొడుకు అదే గొడ్లచావిట్లో తేలటం కూడా నిజమే. అయినా ఏడాది మొత్తం మీద ఎంత అనే ప్రశ్న మన వాళ్ళ నోటి నుంచి ముందు వచ్చేది.

ఆ పాలేర్ల మనవళ్ళు, మనవరాళ్ళు ఇప్పుడు ఐటీఐలు, డిప్లొమాలు, డిగ్రీలు చదివి ఫ్యాక్టరీలకు, ఆఫీసులకు పోతున్నారు. చేతికి ఆర్డరు కాయితం వస్తుంది. పల్లె అంతా సంతోషం. ఆ కాయితంలో మాత్రం ఏడాది మొత్తం ఎంతొస్తుందో రాసి ఉండదు. రెండు నెల జీతాలు ఉంటాయి. ప్రొబేషన్‌లో ఉన్నంత కాలం ఒకటి, పని నచ్చి కన్ఫర్మ్ చేసినాక ఇంకొకటి. మొదటిది చిన్నది, రెండోది పెద్దది. పల్లెలో అందరి నోటా నానేది ఆ పెద్దదే. అప్పిచ్చేవాడు చూసేది అదే, పిల్లనిచ్చేవాడు అడిగేది అదే, అక్క పెళ్ళికి ముహూర్తం పెట్టుకునేది దాని మీదే. ఆరు నెలలు తిరక్కుండానే ఇంట్లో గొడవ మొదలవుతుంది. "నెలకు ఇరవై వేలన్నావు, ఏవిరా ఆ డబ్బులు?" అని తండ్రి అడుగుతాడు. పిల్లోడు తాగుతున్నాడేమోనని తల్లికి అనుమానం. పిల్లోడు తాగట్లేదు. లెక్క ముందే తప్పింది, అంతే.

పేర్లు మనకు అక్కర్లేదు. ఇట్లాంటి కాయితం ఒకటి ముందు పెట్టుకుని నిదానంగా లెక్క కడదాం. చదవటం వచ్చిన పిల్లలు పెద్దోళ్ళకు చదివి వినిపించాలి. పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

డిప్లొమా చదివిన కుర్రాడు. హైదరాబాదు అవతల ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. జూన్ 16న చేరాడు. కాయితంలో ఏముందంటే, మొదటి ఆరు నెలలు ప్రొబేషన్, నెలకు 14,000 రూపాయలు. "ప్రొబేషన్ సంతృప్తికరంగా ముగిసి, కంపెనీ రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసిన మీదట" నెలకు 20,000. పని ఇప్పించిన ఏజెంటు పల్లెలో చెప్పింది ఒకటే మాట: "ఏడాదికి రెండు లక్షల నలభై వేలు."

ఏజెంటు ఆ అంకె ఎక్కణ్ణించి తెచ్చాడు? ఇరవై వేలను పన్నెండుతో హెచ్చవేశాడు. మొదటి ఏడులో ఇరవై వేలు వచ్చే నెలలు పన్నెండు లేవు, ఆరే ఉన్నయ్యి. కాబట్టి లెక్క రెండు ముక్కలు చెయ్యాలి. పద్నాలుగు వేల చొప్పున ఆరు నెలలు, 84,000. ఇరవై వేల చొప్పున ఆరు నెలలు, 1,20,000. రెండూ కలిపితే 2,04,000. ఏజెంటు చెప్పిన దానికి 36,000 తక్కువ. ఆ 36,000 అంటే ఏంటో చూడండి, నెలకు ఆరు వేల తేడా, ఆరు నెలలు. ఈ తేడా ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు, కిందదంతా దాంతోనే తేలుతుంది.

కొంతమంది రెండు జీతాలనూ కలిపి సగం చేసి, నెలకు సగటున పదిహేడు వేలని చెప్తారు. ఆరు, ఆరు నెలలు సరిగ్గా ఉంటే ఆ సగటు తప్పు కాదు. ప్రొబేషన్ మూడు నెలలో, తొమ్మిది నెలలో అయితే ఆ సగటు పనికిరాదు. పైగా సగటుతో ఎవరూ అన్నం వండుకోరు. జూలైలో ఇంటికి కావాల్సిన బియ్యం జూలైలో వచ్చిన డబ్బుతోనే కొనాలి.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. కుర్రాడు చేరింది ఒకటో తారీకు కాదు, పదహారు. జూన్‌లో పని చేసింది పదిహేను రోజులు. ఆ నెలకు జీతం 7,000. అదీ జూన్‌లో రాదు. నెల జీతాన్ని తర్వాతి నెల ఏడో తారీకు లోపల ఇవ్వాలని చట్టం. అంటే జూన్ 16న బస్సెక్కిన పిల్లోడి చేతికి జూలై మొదటి వారంలో వచ్చేది ఏడు వేలు. పూర్తి పద్నాలుగు వేల నెల జీతం మొదటిసారి కళ్ళపడేది ఆగస్టులో. ఈ మధ్యలో ఏడెనిమిది వారాలు గది అద్దె, తిండి, బస్సు చార్జీలు ఎవరిస్తారు? ఇంటి దగ్గర నుంచి పంపాల్సిందే. అప్పు తెచ్చేటప్పుడు ఈ రెండు నెలల ఖర్చు కూడా కలుపుకుని తేవాలి గానీ, "వచ్చే నెల నుంచే పంపిస్తాడు" అని అప్పిచ్చినవాడికి మాటివ్వకూడదు.

జూలై నుంచి నవంబరు దాకా అయిదు నెలలు, 70,000. దాంట్లో తిరకాసేం లేదు. తిరకాసంతా డిసెంబరులో ఉంది. ఆరు నెలలు డిసెంబరు 15తో పూర్తవుతాయి. 16 నుంచి కొత్త జీతం మొదలవ్వాలి. న్యాయంగా అయితే ఆ నెలను రెండుగా కోసి, మొదటి పదిహేను రోజులకు పద్నాలుగు వేల చొప్పున, మిగిలిన పదహారు రోజులకు ఇరవై వేల చొప్పున కట్టాలి. అట్లా కడితే డిసెంబరుకు 17,097 రూపాయలు వస్తుంది. చాలా కంపెనీలు అట్లా కొయ్యవు. కన్ఫర్మేషన్ కాయితం ఇచ్చిన తర్వాతి నెల ఒకటో తారీకు నుంచే కొత్త జీతం వేస్తాయి. అప్పుడు డిసెంబరు అంతా పాత పద్నాలుగు వేలే. పోయింది మూడు వేల చిల్లరే గదా అనుకోవచ్చు. పోనీ అనుకున్నా, ఆ మాట ముందే తెలిసి పోవాలి. ఒకటో తారీకు నుంచా, ఆరు నెలలు నిండిన మర్నాటి నుంచా అని చేరే రోజే అడగొచ్చు. అడిగితే ఎవరూ ఉద్యోగం పీకరు.

మన కుర్రాడిది జనవరి ఒకటి నుంచే అనుకుందాం. ఇప్పుడు మొత్తం వేద్దాం. జూన్‌కు 7,000. జూలై నుంచి డిసెంబరు దాకా ఆరు నెలలు 84,000. జనవరి నుంచి మే దాకా అయిదు నెలలు లక్ష. ఏడాది నిండే జూన్ 15 దాకా పదిహేను రోజులకు 10,000. మొత్తం 2,01,000. ఏజెంటు చెప్పిన 2,40,000 ఎక్కడ, ఇది ఎక్కడ!

అన్నీ సవ్యంగా జరిగితే వచ్చే అంకె ఇది. ప్రొబేషన్‌ని పొడిగిస్తే సంగతి వేరు.

కాయితంలో చాలాసార్లు ఒక చిన్న వాక్యం ఉంటుంది. "అవసరమని భావిస్తే యాజమాన్యం ప్రొబేషన్ పొడిగించవచ్చు." ఎన్ని నెలలు పొడిగిస్తారో ఉండదు. మన కుర్రాడికి డిసెంబరులో మూడు నెలలు పొడిగించారనుకోండి. మార్చి 15కి అయింది, కాయితం ఇచ్చారు, ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త జీతం. అప్పుడు మొదటి ఏడు మొత్తం 1,83,000కు దిగుతుంది. ఏడాదంతా కన్ఫర్మ్ చెయ్యకపోతే 1,68,000. కన్ఫర్మేషన్ ఒక్కో నెల ఆలస్యమైన కొద్దీ ఆరు వేలు కంపెనీ దగ్గర మిగులుతుంది, పిల్లోడి దగ్గర తరుగుతుంది. అదే మిషను, అదే షిఫ్టు, అదే పని. పక్కన పనిచేసే పర్మినెంటు మనిషి ఎంత సరుకు తీస్తాడో వీడూ అంతే తీస్తాడు. పనిలో తేడా లేనప్పుడు ఆలస్యంతో లాభం ఎవరికో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ చాలామంది ఒక పొరబాటు పడుతున్నారు. "ఆరు నెలలు దాటింది, ఎవరూ ఏమీ అనలేదు, పని చేయించుకుంటున్నారు, కాబట్టి నేను పర్మినెంటు అయినట్టే గదా" అంటారు. అన్ని చోట్లా కాదు. దీని మీద సుప్రీంకోర్టు 1968లోనే పంజాబ్ ప్రభుత్వానికీ ధరమ్‌సింగ్‌కీ మధ్య నడిచిన కేసులో తేల్చి చెప్పింది. అది పంతుళ్ళ కేసు. వాళ్ళ సర్వీసు రూల్సులో ప్రొబేషన్ ఎంత పొడిగించినా మొత్తం మూడేళ్ళు దాటకూడదని గట్టిగా రాసి ఉంది. ఆ గడువు దాటినాక కూడా వాళ్ళను పనిలోనే ఉంచారు. అట్లా ఉంచారంటే కన్ఫర్మ్ చేసినట్టేనని కోర్టు అంది. అదే తీర్పులో ఇంకో సగం ఉంది. పై గడువు రాసి లేకపోతే, లేదా కన్ఫర్మ్ చెయ్యటానికి ఆర్డరు తప్పనిసరి అని ఉంటే, గడువు దాటి పనిలో ఉన్నంత మాత్రాన కన్ఫర్మ్ కాదు, ప్రొబేషన్‌లోనే కొనసాగుతున్నట్టు లెక్క. మన కుర్రాడి కాయితంలో "రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసిన మీదట" అనే ముక్క ఊరికే పెట్టలేదు. అది ఉంటే నోరు మూసుకుని ఎదురుచూస్తే జీతం పెరగదు. ఆరో నెల నిండే ముందే, నవంబరు ఆఖర్లోనే, ఫలానా తారీకుకి నా ప్రొబేషన్ పూర్తవుతున్నది, కన్ఫర్మేషన్ ఆర్డరు ఇప్పించండి అని రాసి ఇచ్చి, దాని నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. ఈమెయిలు పెట్టినా సరే. నోటి మాట గాలికి పోతుంది.

పాత చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1946లో, పారిశ్రామిక ఉద్యోగాల స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చింది. పని షరతులు యజమాని నోట్లో ఉండకూడదు, కాయితం మీద ఉండాలి, కార్మికుడికి తెలియాలి అన్నదే దాని సారం. దాని కింద కేంద్రం చేసిన నమూనా ఉత్తర్వుల్లో ప్రొబేషనర్ అంటే పర్మినెంటు ఖాళీలో చేరి మూడు నెలల సర్వీసు పూర్తి కానివాడు అని రాశారు. మూడు నెలలు! ఇప్పుడు ఆరు నెలలు, ఏడాది, రెండేళ్ళు అనేది మామూలైపోయింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం పోయి దాని జాగాలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చట్టం వంద మంది పనిచేసే చోటుకే వర్తించేది. కొత్త కోడ్‌లో స్టాండింగ్ ఆర్డర్లు మూడు వందల మంది ఉంటే తప్ప రావు. మన పిల్లలు పోయే చిన్న ఫ్యాక్టరీలు, గోడౌన్లు, దుకాణాలు, ప్రైవేటు బళ్ళు చాలావరకు ఈ లెక్కకు కింద ఉండేవే. అక్కడ ప్రొబేషన్ ఎన్నాళ్ళు అనేదానికి చేతిలో ఉన్న ఆర్డరు కాయితమే ఆధారం. అదే రోజు నుంచి అమల్లోకొచ్చిన ఇంకో కోడ్ ప్రకారం ఆర్డరు కాయితం ఇవ్వటం యజమాని బాధ్యత. కాబట్టి "కాయితం తర్వాత ఇస్తాంలే" అన్నచోట అనుమానించటంలో తప్పులేదు.

ఇంకొక్క సంగతి. ప్రొబేషన్ పేరు చెప్పి కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వటానికి చట్టంలో దారి లేదు. కనీస వేతనానికి పాతవాడు, కొత్తవాడు అనే భేదం లేదు. అప్రెంటిస్ సంగతి వేరు. అప్రెంటిస్ చట్టం కింద చేరినవాడికి వచ్చేది స్టైపెండు, అది జీతం కిందికి రాదు. అందుకే కాయితం మీద "ప్రొబేషనర్" అని ఉందా, "అప్రెంటిస్" అని ఉందా, "ట్రైనీ" అని ఉందా, ముందు ఆ ఒక్క మాట చదవండి. అప్రెంటిస్ అయితే ఏడాది పూర్తయినాక కన్ఫర్మ్ చెయ్యాలనే పట్టింపు కూడా సాధారణంగా ఉండదు. అప్పుడు ఇరవై వేలనే అంకెను లెక్కలోకి తీసుకోవటమే కుదరదు.

ఇక 2,01,000 చేతికొస్తుందా అంటే, రాదు. పీఎఫ్ కోస్తారు. మూల జీతంలో, కరువు భత్యం ఉంటే దాన్నీ కలిపి, నూటికి పన్నెండు. మన కుర్రాడి జీతంలో నూటికి అరవై వంతు మూల జీతం అనుకుంటే, ప్రొబేషన్‌లో మూల జీతం 8,400, పీఎఫ్ 1,008. కన్ఫర్మ్ అయినాక మూల జీతం 12,000, పీఎఫ్ 1,440. ఈఎస్‌ఐకి నూటికి ముప్పావలా, అంటే నెలకు నూరో నూట యాభయ్యో. వృత్తి పన్ను పదిహేను వేలు దాటినాకే మొదలవుతుంది, అందుకని ప్రొబేషన్‌లో లేదు, ఇరవై వేలు వచ్చినాక నెలకు 150. ఇవన్నీ పోను ప్రొబేషన్‌లో చేతికి 12,887, కన్ఫర్మ్ అయినాక 18,260. ఏడాదికి లక్షా ఎనభై నాలుగు వేల చిల్లర.

పీఎఫ్ కోశారని ఏడవక్కర్లేదు. అది మన సొమ్మే, కంపెనీ కూడా తన వంతు కలిపి కడుతుంది. "ప్రొబేషన్‌లో పీఎఫ్ లేదు, పర్మినెంటు అయినాకే" అని చెప్పేవాళ్ళున్నారు. పీఎఫ్ వర్తించే చోట అది చేరిన రోజు నుంచే వర్తిస్తుంది, ఈఎస్‌ఐ కూడా అంతే. ఈఎస్‌ఐ ఉంటే ఆ ఆరు నెలల్లో చెయ్యి నలిగితే ఆసుపత్రి ఖర్చు ఇంటి మీద పడదు. కంపెనీ వంతు పీఎఫ్‌ను కూడా కలిపి "సీటీసీ" అని పెద్ద అంకె రాసే అలవాటు ఒకటుంది. ఇరవై వేలు సీటీసీ అయితే మనం పైన వేసిన లెక్కంతా ఇంకా తగ్గుతుంది. అది నెలకు నాకొచ్చే జీతమా, కంపెనీకి నా మీద అయ్యే ఖర్చా అని అడిగి, జవాబు రాయించుకోవాలి.

నాగాల సంగతి పాలేరు రోజుల నుంచీ తెలిసిందే. ప్రొబేషన్‌లో జీతంతో కూడిన సెలవు చాలాచోట్ల ఇవ్వరు. పద్నాలుగు వేలను ముప్పై రోజులతో భాగిస్తే రోజుకు 467. ఇరవై ఆరు రోజులతో భాగిస్తే 538. ఏ లెక్కన కోస్తారో కూడా తెలుసుకోవాలి. అమ్మకు జ్వరమొస్తే, ఊళ్ళో చావైతే, పిల్లోడు మూడు రోజులు రాకుండా ఉండలేడు. ఆ మూడు రోజులకు పద్నాలుగు వందలకు పైనే పోతుంది. అంతకంటే పెద్ద నష్టం, హాజరు బాగాలేదని చెప్పి ప్రొబేషన్ పొడిగించటం. అందుకని పోయేముందు రాసిచ్చి పోవాలి.

ఇప్పుడు అప్పు దగ్గరికి వద్దాం. కుర్రాడి తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అరవై వేలు తెచ్చాడు. కొంత ఏజెంటుకు, కొంత గది అడ్వాన్సుకు, బట్టలకు, మిగిలింది పాత బాకీకి. వడ్డీయే నెలకు 1,800. నెలకు పది వేలు కడతానని మాటిచ్చాడు, ఇరవై వేల జీతం గదా అని. కుర్రాడికి గదికి, తిండికి నెలకు 6,500 అవుతుంది. ప్రొబేషన్‌లో చేతికొచ్చే 12,887లో అది తీస్తే మిగిలేది 6,387. పది వేలు ఎట్లా కడతాడు? కట్టలేడు. కట్టని నెలల వడ్డీ అసలులో కలుస్తుంది. కన్ఫర్మ్ అయినాక 11,760 మిగులుతుంది, అప్పుడైతే పది వేలు కట్టగలడు, పండక్కి వెయ్యి రూపాయలు కూడా పంపగలడు. ఏడాది మొత్తం చూస్తే గది, తిండి ఖర్చులు 78,000 పోను ఇంటికి పంపగలిగింది లక్షా ఆరు వేల చిల్లర. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగిస్తే తొంభై వేలు. తండ్రి మాటిచ్చింది లక్షా ఇరవై వేలు.

ఈ లెక్క ముందే వేసుకుంటే మాట ఇంకోలా ఇచ్చేవాడు. మొదటి రెండు నెలలు ఏమీ కట్టను, ఆ తర్వాత డిసెంబరు జీతం వచ్చేదాకా నెలకు అయిదు వేలు కడతాను, కన్ఫర్మేషన్ కాయితం వచ్చినాక పది వేలు. అప్పిచ్చేవాడు ఒప్పుకోకపోతే అరవై వేలు కాకుండా నలభై వేలే తెచ్చుకునేవాడు. ఏజెంటుకు ముందే మొత్తం ఇవ్వకుండా సగం ఆపేవాడు.

ప్రైవేటు వాళ్ళే ఇట్లా చేస్తారు, సర్కారు ఉద్యోగంలో ఈ బాధ ఉండదు అనుకునేవాళ్ళకు ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల కథ గుర్తుచెయ్యాలి. 2019లో లక్షా ఇరవై ఆరు వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. మన వాడల నుంచి కూడా ఎంతో మంది పిల్లలు రాత పరీక్ష రాసి ఎంపికయ్యారు. ఆ ఏడు అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాయి. ప్రొబేషన్ రెండేళ్ళు, ఆ కాలమంతా నెలకు పదిహేను వేలు మాత్రమే. అంటే మొదటి ఏడు 1,80,000, రెండో ఏడూ అంతే. వాళ్ళ విషయంలో మొదటి ఏడాదిలో రెండో అంకె రానే రాదు. రెండేళ్ళ లెక్కన 2021 అక్టోబరులో స్కేలు రావాలి. రాలేదు. 2022 జనవరిలో పిల్లలు రోడ్డెక్కారు. చివరికి శాఖాపరమైన పరీక్ష పాసైనవాళ్ళకు 2022 జూలై 1 నుంచి స్కేలు ఇచ్చారు. ఎక్కువ మందికి మూల వేతనం 22,460, పంచాయతీ కార్యదర్శులకు, వార్డు పరిపాలన కార్యదర్శులకు 23,120. భత్యాలు దాని మీద. పదిహేను వేలకూ ఈ మూల వేతనానికీ మధ్యే నెలకు ఏడు వేల పైచిలుకు తేడా. తొమ్మిది నెలలు ఆలస్యం. రెండేళ్ళయినాక స్కేలు వస్తుందని లెక్కేసి 2021లో పెళ్ళి బాకీలు, ఇంటి బాకీలు చేసినవాళ్ళ మీద ఆ తొమ్మిది నెలల బరువు పడింది.

ఆ కథలో సంఘాల వాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. రెండేళ్ళు నిండటం ఒక షరతు, పరీక్ష పాసవటం రెండో షరతు. రెండో షరతును పట్టించుకోనివాళ్ళు పదిహేను వేల దగ్గరే ఆగిపోయారు. ప్రైవేటు కాయితాల్లో కూడా ఇట్లాంటి రెండో షరతు ఏదో మూల నక్కి ఉంటుంది. పోలీసు వెరిఫికేషన్ అనో, అసలు సర్టిఫికెట్లు అనో, శిక్షణ మార్కులనో రాసి ఉంటారు. కుల ధ్రువీకరణ పత్రం కోసం, డిప్లొమా మార్కుల పత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఆరో నెలలో మొదలుపెడితే మన వాళ్ళకు తొమ్మిదో నెలకు గానీ దొరకదు. చేరిన మొదటి నెలలోనే మొదలుపెట్టాలి.

ఈ పక్షం సంఘం మీటింగుల్లో ప్రతి పల్లెలో కొత్తగా పనిలో చేరిన పిల్లల కాయితాలు తెప్పించండి. చేరిన తారీకు, ప్రొబేషన్ ఎన్ని నెలలు, పొడిగిస్తే ఎంత దాకా, రెండు జీతాలు ఎంతెంత, రెండోది ఏ తారీకు నుంచి. ఈ అయిదూ ఒక నోటుబుక్కులో రాయండి. దాని పక్కనే మూడు మొత్తాలు వెయ్యండి: అంతా సవ్యంగా జరిగితే ఎంత, మూడు నెలలు పొడిగిస్తే ఎంత, అసలు కన్ఫర్మ్ కాకపోతే ఎంత. అప్పులు, ముహూర్తాలు నడిమి అంకెను చూసి పెట్టుకోమని ఇంటి పెద్దలకు చెప్పండి. కాయితంలో రెండో జీతం అంకె అసలు లేకుండా "కంపెనీ నియమాల ప్రకారం" అని మాత్రమే ఉంటే, ఆ పిల్లోడి ఏడాది లెక్క మొదటి జీతాన్ని పన్నెండుతో హెచ్చవేసి అక్కడే ఆపండి. ప్రొబేషన్ ముగిసే తారీకుకు రెండు వారాల ముందు ఆ పిల్లోడికి ఫోను చేసి, అర్జీ ఇచ్చావా అని అడిగే పని సంఘంలో ఒకరు పెట్టుకోండి.